రెజ్యూమెను మెరుగుపరచమని అడిగే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

“నా రెజ్యూమెను కొంచెం మెరుగుపరచండి” అని పంపితే, ఆ పని చేయకుండా తిరిగి నన్నే ప్రశ్నలు అడుగుతున్నారు. ఎందుకు?

రెజ్యూమెలో తప్పులు దిద్దడం వేరు, దాన్ని మెరుగుపరచడం వేరు. అక్షర దోషం ఎవరు చదివినా దోషమే కాబట్టి, దాన్ని దిద్దడానికి మీ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. మెరుగుపరచడమంటే మాత్రం ఏ విషయాన్ని మొదటి పేజీ పైభాగానికి తేవాలో, దేన్ని ఒక్క వాక్యానికి కుదించాలో, దేన్ని పూర్తిగా తీసేయాలో నిర్ణయించడం. చదివే వ్యక్తి ఏ ఖాళీని నింపడానికి కూర్చున్నారో తెలిస్తే తప్ప ఆ నిర్ణయం తీసుకోలేము.

అందుకే రెజ్యూమెలు సరిదిద్ది ఇచ్చే మేము ముందుగా మూడు విషయాలు అడుగుతాము: మీరు ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారు, ఆ పనిలో మీరు ఏ స్థాయిలో ఉన్నారు, ఆ రంగంలోనూ ఆ దేశంలోనూ నియామకాలు ఏ పద్ధతిలో జరుగుతాయి. ఈ మూడూ తెలియకుండా కలం పట్టినవారు ఎవరైనా సరే ఊహించి రాయవలసిందే. ఆ ఊహ తప్పినప్పుడు నష్టం మీకు కంటికి కనిపించదు, ఎందుకంటే ఇంటర్వ్యూకు పిలుపు రాకపోవడానికి కారణం సాధారణంగా ఎవరూ చెప్పరు. రెజ్యూమె చూడటానికి మునుపటికంటే అందంగానే ఉంటుంది, మీరు మాత్రం నెలల తరబడి ఎదురుచూస్తూనే ఉంటారు.

అయితే వివరాలు చెప్పకుండా చేయగలిగిన మార్పులు ఏవీ లేవా?

ఉన్నాయి, వాటిని వెంటనే చేసి పంపుతాము. అక్షర దోషాలు, ఒకదానిపై ఒకటి పడే తేదీలు, ఒకే పనిని రెండుచోట్ల రెండు రకాలుగా చెప్పడం వంటివి ఏ ఉద్యోగానికైనా తప్పులే. తేదీ రాసే తీరు కూడా ఇందులోకే వస్తుంది. 03/04/2021 అని రాస్తే కొన్ని దేశాలవారు మార్చి 4 అనుకుంటారు, మరికొన్ని దేశాలవారు ఏప్రిల్ 3 అనుకుంటారు. నెలను పేరుతో రాస్తే ఆ సందేహం ఉండదు.

మరొక పరీక్షను మీరే రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు. మీ పీడీఎఫ్‌ను తెరిచి, మొత్తం పాఠాన్ని ఎంపిక చేసి, నోట్‌ప్యాడ్ వంటి సాదా ఎడిటర్‌లో అతికించండి. రెండు నిలువు వరుసల్లో తయారైన రెజ్యూమె అయితే, ఎడమ వరుసలోని నైపుణ్యాల పేర్లు కుడి వరుసలోని ఉద్యోగ వివరాల మధ్యలోకి వచ్చి పడటం తరచుగా కనిపిస్తుంది. స్కాన్ చేసిన బొమ్మ అయితే అసలు ఏమీ అతకకపోవచ్చు. అనేక సంస్థలు దరఖాస్తులను ముందుగా ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకుంటాయి కాబట్టి, మీకు కనిపించిన ఆ గందరగోళమే అక్కడ కూడా కనిపించే అవకాశం ఉంది. ఒకే నిలువు వరుస, మామూలు శీర్షికలు, పేజీ అంచున కాకుండా ప్రధాన పాఠంలోనే ఫోన్ నంబరు ఉంటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

ఇవన్నీ చేసిన తరువాత మీ చేతిలో ఉండేది తప్పులు లేని రెజ్యూమె. అది ఏ ఉద్యోగానికి సరిపోతుందన్న ప్రశ్న అప్పటికీ అలాగే ఉంటుంది.

కోరుకునే ఉద్యోగం మారితే, అదే అనుభవం నిజంగా అంతగా మారిపోతుందా? నేను చేసిన పని ఒకటే కదా?

చేసిన పని ఒకటే, కానీ అందులో చదివేవారికి పనికివచ్చే భాగం మారుతుంది. దీన్ని ఒక ఉదాహరణతోనే చెప్పాలి. వినియోగదారుల సేవా విభాగంలో ఆరేళ్లు పనిచేసిన ఒక అభ్యర్థి పంపిన రెజ్యూమెలో, ప్రస్తుత ఉద్యోగం కింద ఈ నాలుగు ముక్కలు మాత్రమే ఉన్నాయి:

> వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కారం. వారపు నివేదికల తయారీ. కొత్తవారికి శిక్షణ. బృందంతో సమన్వయం.

అంతకుముందు వేరొకరు ఆమెను ఏమీ అడగకుండానే ఈ రెజ్యూమెను “మెరుగుపరిచారు”. వారు చేసిందల్లా పైన “వినియోగదారుల సేవలో ఆరేళ్ల అపార అనుభవం గల నిపుణురాలు” అని ఒక పరిచయ వాక్యం చేర్చి, ఆమె ఇటీవల పూర్తిచేసిన డేటా విశ్లేషణ కోర్సును రెండో పేజీ చివరకు నెట్టడం. భాషలో తప్పేమీ లేదు. కానీ ఆమె డేటా విశ్లేషకురాలి ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఆ నాలుగు ముక్కల వెనుక ఏముందో అడిగితే చాలా విషయాలు బయటికి వచ్చాయి. ఆమె బృందంలో 14 మంది ఉన్నారు. మొదటి దశలో తేలని ఫిర్యాదులన్నీ రెండేళ్లుగా ఆమె దగ్గరికే వస్తున్నాయి. కొత్తగా చేరిన 9 మందికి శిక్షణ ఇచ్చారు, వారి కోసం 12 పేజీల మార్గదర్శిని రాశారు. మూడు స్ప్రెడ్‌షీట్ల నుంచి చేత్తో కూర్చే వారపు నివేదికకు 5 గంటలు పట్టేది. దాన్ని ఆమె పివట్ టేబుల్‌తో తిరిగి నిర్మించి 40 నిమిషాల పనిగా చేశారు. డబ్బు వాపసు కోరే ఫిర్యాదుల్లో దాదాపు మూడో వంతుకు ఒకే బిల్లు రెండుసార్లు పడటమే కారణమని ఆ నివేదికలోనే గమనించి, సంబంధిత విభాగానికి తెలియజేశారు.

ఇప్పుడు ఆమె బృంద నాయకత్వ ఉద్యోగం కోరుకుని ఉంటే, మొదటి వాక్యం ఇలా ఉండాలి:

> 14 మంది బృందంలో, మొదటి దశలో తేలని ఫిర్యాదులను రెండేళ్లుగా పరిష్కరిస్తున్నాను. కొత్తగా చేరిన 9 మందికి శిక్షణ ఇచ్చాను.

నివేదిక సంగతి ఇక్కడ చివరి వాక్యంగా ఉంటే చాలు. కానీ డేటా విశ్లేషణ ఉద్యోగానికి వెళ్లే రెజ్యూమెలో అదే మొదటికి వస్తుంది:

> మూడు స్ప్రెడ్‌షీట్ల నుంచి చేత్తో కూర్చే వారపు నివేదికను పివట్ టేబుల్‌తో తిరిగి నిర్మించి, 5 గంటల పనిని 40 నిమిషాలకు తగ్గించాను. వాపసు ఫిర్యాదుల్లో దాదాపు మూడో వంతుకు ఒకే బిల్లు రెండుసార్లు పడటమే కారణమని ఈ నివేదిక ద్వారా గుర్తించాను.

ఇందులో శిక్షణకు ఒక చిన్న వాక్యం సరిపోతుంది. కోర్సు, అందులో చేసిన ప్రాజెక్టు మొదటి పేజీ పైభాగానికి వస్తాయి. ఆమె శిక్షకురాలి ఉద్యోగం కోరుకుని ఉంటే 12 పేజీల మార్గదర్శిని ముందుకు వచ్చేది. దాని వల్ల కొత్తవారు ఎన్ని రోజుల ముందుగా స్వతంత్రంగా పనిచేయగలిగారన్నది అప్పుడు కీలకమైన ప్రశ్న అయ్యేది. ఆ లెక్క ఎవరూ వేయలేదని ఆమె చెప్పారు. అలాంటప్పుడు దాన్ని రాయకూడదు, అంచనాగా కూడా రాయకూడదు.

గమనించండి, పై రెండు రూపాల్లోనూ అబద్ధం ఒక్కటీ లేదు. మొదట వచ్చిన నాలుగు ముక్కల్లోనూ అబద్ధం లేదు. తేడా అంతా ఎంపికలోనే ఉంది.

నాకు ఏ ఉద్యోగం కావాలో నాకే ఇంకా తేలలేదు. అప్పుడేం చెప్పాలి?

ఆ మాటే చెప్పండి. అది దాచవలసిన విషయం కాదు, పైగా మీరు చెప్పకపోతే మేము తప్పుగా ఊహిస్తాము. అయితే రెజ్యూమె మీద కూర్చునే ముందు మరొక పని చేయవలసి ఉంటుంది. మీకు ఆసక్తి కలిగించిన ఉద్యోగ ప్రకటనలు ఒక పది తీసుకుని, వాటిలో మీరు ఇప్పటికే చేసిన పనులను ఒక రంగుతోనూ, ఎప్పుడూ చేయని పనులను మరో రంగుతోనూ గుర్తించండి. పదీ చదివేసరికి అవి రెండు మూడు గుంపులుగా విడిపోవడం, వాటిలో ఒక గుంపులో మొదటి రంగు ఎక్కువగా ఉండటం సాధారణంగా కనిపిస్తుంది. ప్రకటన శీర్షికను నమ్ముకోకండి. ఒకే శీర్షిక కింద ఒక సంస్థ నివేదికలు తయారుచేసేవారిని, మరో సంస్థ ప్రోగ్రాములు రాసేవారిని వెతుకుతూ ఉండవచ్చు. చేయవలసిన పనుల జాబితానే చదవండి.

రెండు గుంపులు సమానంగా తేలితే రెండు రెజ్యూమెలు తయారు చేసుకోవడమే మంచిది. రెండింటినీ ఒకే కాగితంలో ఇరికించినప్పుడు, చదివేవారికి ఇద్దరు సగం సగం మనుషులు కనిపిస్తారు. ఇందుకోసం మీ పనులన్నీ పూర్తి వివరాలతో ఉన్న ఒక పెద్ద దస్త్రాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. అది ఎంత పొడవైనా ఉండవచ్చు, ఎందుకంటే దాన్ని ఎవరికీ పంపరు. ప్రతి దరఖాస్తుకూ అందులో నుంచి ఎంచుకుని తీసుకుంటారు.

నా అనుభవం ఎన్నేళ్లో రెజ్యూమెలోనే ఉంది. మళ్లీ స్థాయి అడగడం ఎందుకు?

మొత్తం ఏళ్లు వేరు, కోరుకునే ఉద్యోగానికి లెక్కకు వచ్చే ఏళ్లు వేరు. పైన చెప్పిన అభ్యర్థికి ఉద్యోగానుభవం ఆరేళ్లు, డేటా విశ్లేషణలో మాత్రం ఆమె ప్రారంభ స్థాయిలోనే ఉన్నారు. “ఆరేళ్ల అనుభవం” అన్న మాట పేజీ పైభాగంలో కనిపిస్తే, ప్రారంభ స్థాయి ఉద్యోగానికి వెతుకుతున్నవారు ఆమె ఇక్కడ చేరరనుకుని పక్కన పెట్టవచ్చు. ఉన్నత స్థాయికి వెతుకుతున్నవారు ఆరేళ్లకు తగిన సాంకేతిక పని కోసం చూసి, అది లేదని పక్కన పెట్టవచ్చు. ఒకే వాక్యం రెండు వైపులా చెరుపు చేస్తుంది. కాబట్టి ఆ వాక్యాన్ని తీసేసి, “వినియోగదారుల సేవా విభాగంలో పనిచేస్తూ అక్కడి ఫిర్యాదుల సమాచారాన్ని విశ్లేషించాను, ప్రారంభ స్థాయి విశ్లేషణ ఉద్యోగం కోరుకుంటున్నాను” అని సూటిగా రాయించాము.

స్థాయి చెప్పడానికి ఏళ్ల కంటే మంచి కొలత ఒకటుంది: మీ పనిని ఎవరు సరిచూసేవారు? ప్రతి పనినీ పైవారు సరిచూసేవారా, పూర్తయ్యాక ఫలితం మాత్రమే చూసేవారా, లేక ఇతరుల పనిని మీరే సరిచూసేవారా? ఈ ఒక్క జవాబుతో ఏ క్రియాపదాలు వాడాలో మాకు తెలుస్తుంది. “సహకరించాను”, “చేశాను”, “నడిపించాను” అన్న మూడు మాటల మధ్య ఉన్న దూరం ఇదే. ఇందులో ఒక మెట్టు ఎక్కువ రాసినా ఇంటర్వ్యూలో దొరికిపోతారు, ఒక మెట్టు తక్కువ రాసినా మీరు పడిన కష్టం లెక్కలోకి రాదు.

చదువు అప్పుడే ముగించినవారికి ఈ లెక్క వేరుగా ఉంటుంది. వారి రెజ్యూమెలో చదువు పైన ఉండాలి, దాని వెంటనే చేసిన ప్రాజెక్టులు రావాలి. పదేళ్లు పనిచేసినవారి రెజ్యూమెలో చదువు కిందికి వెళుతుంది, పాఠశాల మార్కులకు చోటే ఉండదు. మధ్యలో కొంతకాలం ఉద్యోగం మానినవారు ఆ విరామాన్ని మాకు చెప్పాలి. కారణం మొత్తం రాయవలసిన అవసరం లేదు కానీ, మాకు తెలియకపోతే తేదీలు ఎక్కడో తప్పుపడ్డాయనుకుని వాటిని “సరిదిద్దే” ప్రమాదం ఉంది.

నియామక పద్ధతులు అంటే ఏమిటి? మంచి రెజ్యూమె ఎక్కడైనా మంచిదే కాదా?

కాదు, ఈ మూడింటిలో అందరూ మరచిపోయేది ఇదే. అమెరికాలో రెజ్యూమెకు ఫొటో, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి చేర్చరు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టాలు ఉన్నందున అలాంటి వివరాలు తమ కంట పడకపోవడమే మేలని అక్కడి సంస్థలు భావిస్తాయి. జర్మనీలో ఫొటో జతచేయడం దీర్ఘకాలంగా ఉన్న అలవాటు. 2006లో అందరినీ సమానంగా చూడాలనే చట్టం వచ్చాక సంస్థలు దాన్ని తప్పనిసరి చేయకపోయినా, ఇప్పటికీ చాలామంది జతచేస్తూనే ఉన్నారు. జపాన్‌లో రిరెకిషో అనే నిర్ణీత నమూనా ఉంది. అందులో ఫొటోకు గడి ఉంటుంది, చదువు, ఉద్యోగ వివరాలు పాతవాటితో మొదలై కొత్తవాటి వైపు సాగుతాయి. చేసిన పనుల వివరణకు అనుభవజ్ఞులు మరో పత్రం విడిగా ఇస్తారు. కొత్తవాటి నుంచి పాతవాటికి వెళ్లే పద్ధతికి అలవాటుపడినవారు ఆ క్రమాన్ని తలకిందులు చేసి “మెరుగుపరిస్తే” అది అక్కడ తప్పే అవుతుంది.

మాట దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. బ్రిటన్‌లో సీవీ అంటే మామూలు ఉద్యోగానికి పంపే రెండు పేజీల పత్రం. అమెరికాలో అదే మాటకు, పరిశోధన, బోధన ఉద్యోగాలకు పంపే, ప్రచురణలన్నీ వరుసగా ఉండే పొడవైన పత్రం అని అర్థం. “నా సీవీని ఒక పేజీకి తగ్గించండి” అని ఒక పరిశోధకుడు అడిగితే, ఎక్కడికి పంపుతున్నారో అడగకుండా తగ్గించడం ఆయన ప్రచురణలను తుడిచివేయడమే.

రంగాన్ని బట్టి కూడా పద్ధతులు మారతాయి. డిజైన్ చేసేవారికి తమ పనుల నమూనాల లింకు రెజ్యూమె కంటే ముఖ్యం. రోగుల సేవలో ఉండేవారికి రిజిస్ట్రేషన్, దాని గడువు పైనే కనిపించాలి. ప్రభుత్వ నియామకాల్లో నిర్ణీత దరఖాస్తు పత్రమే ప్రధానం కావచ్చు, అక్కడ రెజ్యూమె అందానికి పెద్దగా పాత్ర ఉండదు. మీరు ఎక్కడికి దరఖాస్తు చేస్తున్నారో చెబితే ఇవన్నీ మేము చూసుకుంటాము.

నా పనిలో అంకెలు ఏవీ నేను దాచుకోలేదు. కల్పించి రాయమంటారా?

ఎంతమాత్రం వద్దు. కానీ అంకెలు లేవనుకునేవారిలో చాలామందికి అవి నిజానికి ఉంటాయి, లెక్కగా గుర్తుండవు అంతే. వాటిని బయటికి తేవడానికి చిన్న ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పని ఎంతసేపు పట్టేది? వారంలో ఎన్నిసార్లు చేసేవారు? మీ ముందు ఎవరు చేసేవారు, ఎలా చేసేవారు? దాన్ని ఎంతమంది వాడుకున్నారు? పై ఉదాహరణలో 5 గంటల సంగతి ఆమెకు మొదట తట్టలేదు. “ఆ నివేదిక ఏ రోజు చేసేవారు?” అని అడిగితే, “శుక్రవారం ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నం దాటేది” అన్నారు. భోజన విరామం తీసేస్తే అది 5 గంటలని అప్పుడు తేలింది.

ఖచ్చితంగా తెలియనప్పుడు “దాదాపు” అని రాయవచ్చు, లేదా “50 నుంచి 60” అని హద్దులు చెప్పవచ్చు. సంస్థ రహస్యంగా ఉంచే ఆదాయం, ఖాతాదారుల పేర్లు వంటివి మాత్రం రాయకండి. వాటి బదులు ఎంత తగ్గింది, ఎంత పెరిగిందన్న నిష్పత్తి సరిపోతుంది.

మొత్తం మీద మీకు ఎంత సమాచారం పంపాలి?

పది వాక్యాలు చాలు. ఈ తీరులో రాస్తే మేము అదే రోజు పని మొదలుపెట్టగలము:

> నేను ప్రారంభ స్థాయి డేటా విశ్లేషణ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నాను. రెండు ప్రకటనలు జతచేశాను. వినియోగదారుల సేవలో ఆరేళ్లు పనిచేశాను, విశ్లేషణలో కోర్సు, ఒక ప్రాజెక్టు, కార్యాలయంలో చేసిన ఒక నివేదిక ఉన్నాయి. నా పనిని పైవారు ఫలితం వచ్చాకే చూసేవారు. బ్రిటన్‌లోని సంస్థలకు వాటి వెబ్‌సైట్ల ద్వారా పంపుతున్నాను. ఇప్పటివరకు 20 దరఖాస్తులు పంపాను, ఒక్క పిలుపూ రాలేదు.

చివరి వాక్యాన్ని చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. దయచేసి రాయండి. పిలుపే రాకపోతే లోపం రెజ్యూమెలోనో, ఎంచుకునే ఉద్యోగాల్లోనో ఉండవచ్చు. పిలుపులు వచ్చి ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంటే, రెజ్యూమె తన పని తాను చేస్తోందని అర్థం. అప్పుడు దాన్ని తిరగరాయడం మీ సమయాన్ని వృథా చేయడమే, ఆ మాటే మీకు చెబుతాము.

ఫోన్ నంబరు, చిరునామా, గుర్తింపు సంఖ్యల వంటివి మాకు అవసరం లేదు. పంపే ముందు తీసేయండి.

మీరు తిరిగి పంపిన రెజ్యూమెలో నేను ఏం సరిచూసుకోవాలి?

ప్రతి వాక్యం దగ్గర ఆగి, “దీని గురించి నన్ను అడిగితే రెండు నిమిషాలు చెప్పగలనా?” అని ప్రశ్నించుకోండి. చెప్పలేనిది ఎంత బాగున్నా కొట్టేయండి. తరువాత మీ పేరు స్థానంలో తోటి ఉద్యోగి పేరు పెట్టి చదవండి. అప్పటికీ వాక్యం అతికినట్టు సరిపోతే అది మీ గురించి ఏమీ చెప్పడం లేదని అర్థం. “కష్టపడి పనిచేసే, అంకితభావం గల” వంటి మాటలన్నీ ఈ పరీక్షలోనే పడిపోతాయి. చివరగా, మీరు జతచేసిన ప్రకటనను పక్కన పెట్టుకుని, అందులో మొదట అడిగిన రెండు మూడు పనులకు జవాబు మొదటి పేజీ పైసగంలో దొరుకుతోందో లేదో చూడండి.

మేము పంపిన ప్రతిలో “నివేదికల వ్యవస్థను రూపొందించాను” అని ఒక వాక్యం ఉండగా, ఆ అభ్యర్థి దాన్ని కొట్టేసి, “అది వ్యవస్థ కాదండీ, ఒక్క నివేదికే” అని పక్కన రాసి పంపారు. ఆమె చెప్పిందే సరైనది. ఆ వాక్యాన్ని మార్చి, ఒక్క నివేదిక అనే రాశాము.